మూడు జపనీస్ వాక్యాలు, నిమిషం లోపు షార్ట్: తయారీలో నా అనుభవం

తెలుగువాళ్లకి జపనీస్ నేర్పే షార్ట్ ఒకటి గత శనివారం అప్‌లోడ్ అయింది. నిడివి 54 సెకన్లు. అందులో మూడు వాక్యాలు, వాటిని ఎలా పలకాలో గుర్తులు, ఒక జ్ఞాపకం చిట్కా ఉన్నాయి. స్క్రిప్టు ఒక పూటలో అయిపోయింది. మిగతా సమయమంతా ఒక త ఒత్తుకి, ఒక నకార పొల్లుకి, చివర్న వినీ వినపడని ఒక 'స్'కి ఖర్చయింది. ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లకి ఎక్కడ ఎంత ఆగాల్సి వస్తుందో, ఏది ఎందుకు చెడుతుందో తెలియాలని వరసగా రాస్తున్నాను.

మొదటి సోమవారం వాక్యాల ఎంపిక. మామూలుగా అందరూ తీసుకునేవి నమస్కారం, థాంక్స్, నా పేరు ఫలానా. ఈ మూడూ ఒకే సందర్భంలో వెంటవెంటనే రావు కాబట్టి చూసినవాళ్లకి మూడు విడి ముక్కలుగా మిగిలిపోతాయి. అందుకని ఒకే ఇబ్బందిలో ఒకదాని తర్వాత ఒకటి అవసరపడే వాక్యాలు కావాలనుకున్నాం. ఎదుటి మనిషి గబగబా ఏదో చెప్పేశాడు, మనకి అర్థం కాలేదు. అప్పుడు ముందు పిలవాలి, తర్వాత ఆపాలి, ఆ పైన మళ్లీ చెప్పమనాలి. ఆ వరసలో వచ్చినవి ఇవి:

సుమిమసెన్ (ఏమండీ, క్షమించండి)
చొత్తొ మత్తె కుదసయి (ఒక్క క్షణం ఆగండి)
మో ఇచిదొ ఒనెగయి శిమస్ (ఇంకోసారి చెప్పండి, దయచేసి)

అదే రోజు ఒక నిర్ణయం కూడా తీసుకున్నాం: తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కటి కూడా ఉండకూడదు. రెండో వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో చూసిన తెలుగువాడు దాదాపు ఎప్పుడూ 'చొట్టో మట్టే కుడసాయ్' అనే చదువుతాడు. ఇంగ్లిష్ 't'ని 'ట'గా, 'd'ని 'డ'గా వినడం మనకి బడి నుంచీ అలవాటు. జపనీస్‌లో నాలుక కొస పైపళ్ల దగ్గర ఆనుతుంది, అంటే అది మన త, ద వరసే. తెలుగు లిపిలో రాస్తే ఈ తప్పు పుట్టదు. అచ్చుల హ్రస్వ దీర్ఘాలు, ఒత్తులు కూడా మన లిపిలో తేటగా కనిపిస్తాయి. జపనీస్‌లో వీటివల్ల అర్థాలే మారిపోతాయి: 'కితె' అంటే 'రా', 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. 'ఒబసన్' అత్త లేదా పిన్ని, 'ఒబాసన్' అమ్మమ్మ.

అయితే తెలుగు లిపి తన తప్పులు తను తెస్తుంది. ఆ సంగతి మంగళవారం, జపనీస్ తెలియని కొందరికి కాగితం మీద రాసిచ్చి చదివించినప్పుడు బయటపడింది.

మొదటి తప్పు 'చొ' దగ్గర. 'చొక్కా' అనేటప్పుడు చాలామంది నోట వచ్చే 'చ' దంత్యం, అంటే పళ్ల దగ్గర పుట్టే 'ౘ'. 'చిన్న' అనేటప్పుడు వచ్చేది వేరు, అది తాలవ్యం. 'చొత్తొ' అని రాసిస్తే 'చొక్కా'లోని చ తో చదివారు. జపనీస్‌కి కావలసింది 'చిన్న'లోని చ. 'చ్యొత్తొ' అని రాసి చూస్తే 'య' మరీ గట్టిగా వినిపించింది. చివరికి రాతలో 'చొ' అనే ఉంచి, గొంతుతో 'చిన్న చ, చొక్కా చ కాదు' అని చెప్పించాం. అంత చిన్న మాట చాలు, విన్న వెంటనే దిద్దుకున్నారు. ఆపైన ఎవరికీ వివరించే పని పడలేదు.

రెండోది 'సుమిమసెన్' చివరి ధ్వని. 'సెన్' అని న పొల్లు పెడితే నాలుక పళ్లకి తగులుతుంది. 'సెం' అని సున్న పెడితే మనవాళ్లు 'సెమ్' అంటారు, 'పుస్తకం' చివర పెదాలు మూసినట్టే. రెండూ కాదు. జపనీస్‌లో మాట చివర వచ్చే ఈ ధ్వనికి నాలుక కొస దేనికీ తగలదు, పెదాలు మూసుకోవు, నాలుక వెనక భాగం లేచి గాలి ముక్కులోకి పోతుంది. 'సెఙ్' అని రాస్తే దగ్గరగానే ఉండేది గానీ, ఙ అక్షరాన్ని వర్ణమాల బయట ఎవరూ చూసి ఉండరు. అరసున్న పెట్టి చూశాం, దాన్ని అందరూ లేనట్టే దాటేశారు. పనిచేసిన గుర్తు ఇది: 'వంక' అనబోయి 'క' అనకుండా ఆగండి. ఆ సున్న దగ్గర నాలుక ఎక్కడుందో అక్కడే వదిలెయ్యండి. 'సుమిమసె' తర్వాత అదే ముగింపు. ఇది నూటికి నూరు పాళ్లు జపనీస్ ధ్వని కాదు, వాళ్లది ఇంకాస్త వెనక నుంచి వస్తుంది. కానీ వినేవాళ్లకి తేడా తెలియనంత దగ్గర.

మూడోది చివరి 'శిమస్'. పూర్తిగా రాస్తే అది 'శిమసు', కానీ మామూలు మాటలో ఆ చివరి 'ఉ' గొంతు కదలకుండా ఊపిరిలో కలిసిపోతుంది. హల్లుతో మాట ముగించడం మన నోటికి ఇష్టం ఉండదు. 'బస్' వచ్చి మన దగ్గర 'బస్సు' అయింది కదా, అలాగే ఇదీ 'శిమస్సు' అయిపోతుంది. చివర ఒక అచ్చు, మధ్యలో లేని ఒత్తు, రెండూ అదనం. పైగా 'మ' దగ్గర స్వరం పైనుంచి కిందికి దిగుతుంది. ఆ దిగుడు మన చెవికి దీర్ఘంలా తోచి 'శిమాస్' అంటాం. దీనికి మాటల్లో చెప్పే గుర్తు ఏదీ కుదరలేదు, విని అనడం ఒక్కటే దారి. అందుకే రికార్డింగ్ మీద అంత పట్టుబట్టాల్సి వచ్చింది.

బుధవారం ఈ మూడు వాక్యాలనీ జపాన్‌లో పుట్టిపెరిగిన ఒక టీచర్‌కి పంపాం. ఆవిడ వారంలో రెండు రోజులే పాఠాలు చెబుతారు కాబట్టి జవాబు శుక్రవారం రాత్రికి వచ్చింది. ఈ ఆగడం తప్పదు, ముందే లెక్కలో వేసుకోవాలి. ఆవిడ రాసినవాటిలో రెండు ముఖ్యం. ఒకటి, 'చొత్తొ మత్తె' అని అంతటితో ఆపితే అది స్నేహితులతో అనే మాట. కొత్తవాళ్లతో 'కుదసయి' విడవకూడదు. సమయం ఆదా అవుతుందని మొదటి ముసాయిదాలో ఆ మాట వదిలేద్దామన్న ఆలోచన ఉండేది, అది అక్కడితో పోయింది. రెండోది, మాట్లాడేటప్పుడు చాలామంది 'సుయిమసెన్' అంటారు, కాబట్టి మీ వీక్షకులు అది విని కంగారుపడకూడదు. ఇది షార్ట్‌లో పట్టలేదు, వివరణలో ఒక వాక్యంగా పెట్టాం.

ఇక చిట్కా. మూడింటికీ మూడు చిట్కాలు చెప్పే చోటు లేదు. 54 సెకన్లలో ఒక్క చిట్కా నిలుస్తుంది, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. దేనికి పెట్టాలన్న దగ్గర మొదట మూడో వాక్యం వైపు మొగ్గాం, అన్నిటికన్నా పొడుగు అదే గనక. 'మో ఇచిదొ'కి 'మళ్లీ ఇచ్చిందో' అని ఒక చిట్కా తయారైంది. మాట చటుక్కున గుర్తొచ్చేది, అర్థం కూడా అతికింది. కానీ అది నేర్చుకున్న ప్రతివాళ్లూ 'మో ఇచ్చిదో' అన్నారు. చిట్కాలో ఉన్న ఒత్తు, దీర్ఘం నేరుగా జపనీస్ మాటలోకి దిగిపోయాయి. ఒత్తు ఉందో లేదో తేడా చూపించే భాషలో అలాంటి చిట్కా సాయం కన్నా చేటే ఎక్కువ చేస్తుంది.

దాంతో పద్ధతి తిరగబడింది. ముందు మాటలోని హల్లుల్నీ, ఒత్తుల్నీ, హ్రస్వ దీర్ఘాల్నీ రాసుకుని, అవే ఉన్న తెలుగు మాట కోసం వెతకాలి. అర్థం ఆ తర్వాత అతికించుకోవచ్చు. 'చొత్తొ మత్తె'కి కావలసినవి: హ్రస్వ ఒకారం, త కింద త ఒత్తు, మళ్లీ హ్రస్వ ఒకారం. తర్వాత అకారం, అదే ఒత్తు, హ్రస్వ ఎకారం. మన మాటలు హ్రస్వ ఒ తోనో, హ్రస్వ ఎ తోనో ముగియడం అరుదు, అందుకే 'చొత్తో' అని చివర సాగదీస్తాం. కానీ సంధిలో ఆ హ్రస్వాలు దొరుకుతాయి. సొత్తు, ఒచ్చి కలిస్తే 'సొత్తొచ్చి'. మత్తు, ఎక్కింది కలిస్తే 'మత్తెక్కింది'.

'సొత్తొచ్చి మత్తెక్కింది, ఒక్క క్షణం ఆగండి!'

డబ్బు వచ్చి కళ్లు నెత్తికెక్కినవాణ్ని చెయ్యిపెట్టి ఆపుతున్నట్టు ఊహించుకుంటే సరిపోతుంది. 'సొత్తొ' దగ్గర కత్తిరించి స ని చ చేస్తే 'చొత్తొ', 'మత్తె' దగ్గర కత్తిరిస్తే ఉన్నదున్నట్టే 'మత్తె'. ఒత్తులు సరి, అచ్చులు సరి, నాలుక పళ్ల దగ్గరే. ఒకే ఒక్క అక్షరం మారుతుంది, ఆ మారేదానికి 'చిన్న చ' అన్న గుర్తు ముందే చెప్పేశాం.

శనివారం రికార్డింగ్‌కి ముందు వాక్యాల లయ తేల్చుకోవాల్సి వచ్చింది. జపనీస్‌లో ప్రతి చిన్న ముక్కకీ ఇంచుమించు ఒకే కాలం పడుతుంది. దీర్ఘానికి రెండు, ఒత్తుకి ఒకటి అదనం, చివరి ముక్కు ధ్వనికి ఒకటి. తెలుగు బడిలో గురులఘువులు వేసినవాళ్లకి ఇది కొత్త లెక్కేమీ కాదు, మాత్రలే. లఘువుకి ఒకటి, గురువుకి రెండు. 'చొత్తొ'లో ఒత్తు ముందున్న 'చొ' గురువు, 'త్తొ' లఘువు, మొత్తం మూడు మాత్రలు. 'మత్తె' కూడా మూడు. 'కుదసయి' అన్నీ లఘువులే, నాలుగు. కలిపితే పది, జపనీస్ లెక్కలోనూ పదే. 'సుమిమసెన్' ఐదు మాత్రలు, చివరి 'సెన్' పొల్లుతో ఉంది కాబట్టి గురువు. మూడో వాక్యంలో 'మో' రెండు, 'ఇచిదొ' మూడు, 'ఒనెగయి' నాలుగు, 'శిమసు' మూడు, వెరసి పన్నెండు. చివరి 'ఉ' వినపడకపోయినా దాని కాలం దానికి ఉంటుంది, 'స్' కొంచెం నిలుస్తుంది. చిటికెలు వేస్తూ అంటే ఎక్కడ తగ్గిందో, ఎక్కడ సాగిందో తెలిసిపోతుంది. 'చొత్తో' అన్నవాళ్లకి ఒక చిటికె ఎక్కువవుతుంది.

టీచర్ గొంతుతోనే రికార్డు చేయించాం, ఆవిడ తన ఫోన్‌లోనే చేసి పంపారు. అరగంట పాఠానికి ఇచ్చే ఫీజే ఇచ్చాం, ఈ మొత్తం పనిలో చేతి నుంచి పెట్టిన డబ్బు అదొక్కటే. మొదట పంపిన క్లిప్పులు రెండు కారణాల వల్ల పనికిరాలేదు.

మొదటి కారణం, 'మెల్లగా ఒకసారి చెప్పండి' అని మనమే అడగడం. మెల్లగా చెప్పమంటే ఆవిడ 'శి, మ, సు' అని ప్రతి ముక్కనీ విడదీసి పలికారు. అప్పుడు వినపడకూడని 'ఉ' స్పష్టంగా వినిపించింది. చూసినవాళ్లు దాన్నే పట్టుకుంటారు. ఎడిటింగ్‌లో వేగం తగ్గిస్తే ఇంకో చిక్కు: ముక్కల నిష్పత్తి మారకపోయినా హ్రస్వాలన్నీ మన చెవికి దీర్ఘాలై 'శిమాస్' అని వినిపిస్తాయి. దీనికి విరుగుడు, వేగం తగ్గించకుండా ముక్క తగ్గించడం. మామూలు వేగంతో చివరి ముక్క ముందు: 'శిమస్'. తర్వాత 'ఒనెగయి శిమస్'. ఆ తర్వాత మొత్తం. వెనక నుంచి ముందుకి కట్టుకుంటూ వస్తే కష్టమైన చివరి ముక్క మూడుసార్లు వినపడుతుంది, ప్రతిసారీ సహజమైన వేగంలోనే.

రెండో కారణం కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టింది. క్లిప్పు చివర 'శిమస్' కాకుండా 'శిమ' అని మాత్రమే వినిపించేది. పలకడంలో లోపమేమీ లేదు. ఫోన్ తనంతట తాను చేసే శబ్దం తగ్గింపు, గొంతు కదలని ఆ సన్నని 'స్'ని గాలి శబ్దం అనుకుని తుడిచేసింది. ఎడిటింగ్‌లోనూ ఇదే ప్రమాదం. తరంగం బొమ్మలో ఎత్తుగా ఉన్న భాగం 'మ' దగ్గరే అయిపోతుంది, 'స్' దాదాపు గీతలా ఉంటుంది, కంటితో చూసి కత్తిరిస్తే అది పోతుంది. ఆవిడ ఆ సెట్టింగ్ ఆపేసి, కిటికీలు మూసి మళ్లీ చేసి పంపేసరికి మంగళవారం వచ్చింది. కత్తిరించేటప్పుడు తరంగం ఆగినచోట కాకుండా ఇంకో పావు సెకను వదిలిపెట్టాం. సరిచూసుకోవడానికి ఇయర్‌ఫోన్స్ చాలవు. ఫోన్ స్పీకర్‌లో, పక్కన ఫ్యాన్ తిరుగుతుండగా 'స్' వినపడితేనే క్లిప్పు పాసైనట్టు.

సెకన్ల పంపకం ఇలా కుదిరింది. సందర్భం చెప్పడానికి 5, మొదటి వాక్యానికి 8, రెండోదానికి చిట్కాతో కలిపి 19, మూడోదానికి 13, చివర మూడూ వరసగా ఒక సంభాషణలా వినిపించడానికి 9. ఇప్పుడు యూట్యూబ్ షార్ట్స్‌కి మూడు నిమిషాల దాకా అనుమతి ఉంది, కానీ నిడివి పెంచితే నాలుగో వాక్యం చేర్చాలనిపిస్తుంది. ప్రతి వాక్యం తర్వాత చూసేవాళ్లు తిరిగి అనడానికి ఖాళీ వదలాలి. ఆ ఖాళీ, వాక్యం పలికే సమయానికి ఒకటిన్నర రెట్లు ఉంటే బాగుంది. సమానంగా ఉంచితే కొత్తవాళ్లు పూర్తిచేసేలోపే తర్వాతి మాట మీద పడుతుంది. రెండు రెట్లు పెడితే ఏదో ఆగిపోయిందనుకుని వేలితో పైకి తోసేస్తారు.

తెర మీద రాత బుధవారం పెట్టాం, అక్కడ కూడా ఒక ఇబ్బంది ఎదురైంది. ఎడిటింగ్ ఆప్‌లో 'మత్తె' అని కొడితే త ఒత్తు కింద కూర్చోకుండా, త పొల్లు, పక్కన తె విడివిడిగా వచ్చాయి. భారతీయ లిపుల్ని సరిగ్గా కూర్చలేని ఆప్‌లలో ఇది మామూలే, వేరే వీడియోకైతే జనం సర్దుకుని చదువుకుంటారు. ఇక్కడ పాఠమే ఆ ఒత్తు. వేరేచోట అక్షరాలు సరిగ్గా కూర్చి, వెనక రంగు లేని బొమ్మగా దాచి, ఆ బొమ్మని వీడియో మీద అతికించాం. వీడియో కొలత 1080×1920. అడుగుభాగాన్ని శీర్షిక, కుడి అంచుని బటన్లు కప్పేస్తాయి కాబట్టి రాత మధ్యకి కాస్త పైన ఉండాలి. 'సుమిమసెన్' చివరి న పొల్లుని మాత్రం లేత రంగులో, చిన్నగా పెట్టాం.

గురువారం పరీక్ష. జపనీస్ రానివాళ్లకి వీడియో రెండుసార్లు చూపించి ఏమీ అడగకుండా పంపేశాం. అప్పటికప్పుడు అడిగితే అందరూ చెప్పేస్తారు, దానివల్ల ఏమీ తేలదు. మర్నాడు పొద్దున ఫోన్ చేసి 'ఒక్క క్షణం ఆగండి అని ఎలా అనాలి?' అని అడిగాం. 'చొత్తొ మత్తె' అందరికీ వచ్చింది, ఒత్తులతో సహా. 'కుదసయి' కొందరికి కాసేపు ఆలోచించాక వచ్చింది. మూడో వాక్యంలో మాత్రం 'ఒనెగయి శిమస్' నిలిచి 'మో ఇచిదొ' జారిపోయింది. వెనక నుంచి కట్టుకుంటూ వచ్చిన పద్ధతి ఫలితమే అది: చివర మూడుసార్లు విన్నారు, మొదలు ఒక్కసారే. పరిష్కారంగా, మొత్తం వాక్యం అయ్యాక 'మో ఇచిదొ' ఒక్కదాన్నీ ఇంకోసారి వినిపించి, తొమ్మిది సెకన్ల సంభాషణలో ఒక విరామం తగ్గించి ఆ కాలం సర్దాం. ఎంత కంగారులోనైనా 'మో ఇచిదొ' అన్నంతవరకు గుర్తొస్తే కొంచెం మొరటుగానైనా పని జరుగుతుంది. 'ఒనెగయి శిమస్' ఒక్కటే అయితే దేనికోసం అడుగుతున్నామో తెలియదు.

అప్‌లోడ్‌కి ముందు పూర్తి వీడియో ఇంకోసారి టీచర్‌కి పంపి, జవాబు వచ్చేదాకా శనివారం వరకు ఆగాం. ఒకసారి ఎక్కించాక అదే లింకు మీద ఫైలు మార్చడం యూట్యూబ్‌లో కుదరదు. తప్పు దొరికితే తీసేసి మొదటినుంచి ఎక్కించుకోవడమే, కాబట్టి ఆ ఆగడం దండగ కాదు.

ఆవిడ ఉచ్చారణ అంతటికీ సరే అన్నారు గానీ ఒక మాట చేర్చారు. 'మో ఇచిదొ' అంటే ఎదుటివాళ్లు మళ్లీ చెబుతారు, నిజమే, కానీ అదే వేగంతో చెబుతారు. కావలసింది నెమ్మది అయితే 'యుక్కురి ఒనెగయి శిమస్' అనాలి. యుక్కురి, నాలుగు మాత్రలు, క కింద క ఒత్తు, మామూలు మన ర. తోక అదే కాబట్టి మూడో వాక్యం వచ్చినవాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఆ ఒక్క మాటే. ఇది 54 సెకన్లలో ఇమడలేదు, వివరణ మొదటి వరసలో పెట్టాం.